శాతం నుంచి కిలోలకు: గరుసు నేలలో స్థూల సాంద్రత లెక్క ఎక్కడ దారి తప్పుతుంది

సారాంశం: మట్టి పరీక్షలో వచ్చే పోషక శాతం ఎంత మట్టికి వర్తిస్తుందో తేలితే తప్ప అది హెక్టారుకు కిలోలుగా మారదు. ఆ మట్టి బరువు నేల లోతు మీద, స్థూల సాంద్రత మీద, అంటే పొలంలో ఉన్నది ఉన్నట్టుగా మట్టి ఎంత చిక్కగా ఉందన్న దాని మీద, గరుసు, అంటే 2 మిల్లీమీటర్ల జల్లెడలో దిగని రాళ్లు, ఎంత ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. బెంగళూరు చుట్టుపక్కల ఎర్ర గరుసు నేలల్లో, హెక్టారుకు కిలోల్లోకి మార్చడానికి అందరూ వాడే 2.24 గుణకంతో వచ్చే అంకె అసలు నిల్వ కంటే బాగా ఎక్కువగా ఉండవచ్చు. కోర్ రింగు అనే ఉక్కు వలయంతో తీసిన మట్టిని ఆరబెట్టి, జల్లించి, గరుసును వేరుచేసి తూచితే ఆ తేడా బయటపడుతుంది. అయితే పొలానికి 'తక్కువ', 'మధ్యస్థం' అని శ్రేణి ఇచ్చే చోట మాత్రం ఈ సవరించిన అంకెను వాడకూడదు. అందుకు కారణం వ్యాసంలో వివరంగా ఉంది.

## ఒకే శాతం, మూడు రకాల కిలోలు

బెంగళూరుకు ఉత్తరాన దేవనహళ్లి దాటి చిక్కబళ్లాపురం, బాగేపల్లి వైపు, తూర్పున కోలారు వైపు, దక్షిణాన హోసూరు వైపు వెళ్తే ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు ఎన్నో కనిపిస్తాయి. నగరంలో ఉద్యోగం చేస్తూ ఈ ప్రాంతాల్లో రెండు మూడు ఎకరాలు కొనుక్కున్న తెలుగువారూ ఉన్నారు. రాగి, టమాటా, మల్బరీ, ద్రాక్ష పండే ఈ పొలాల్లో మట్టి పరీక్ష చేయించినప్పుడు తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఒక నివేదికలో పోషకం శాతంలో ఉంటుంది, మరొకదానిలో హెక్టారుకు కిలోల్లో ఉంటుంది. మొదటి శాతాన్ని ఎవరైనా కిలోల్లోకి మార్చి చూస్తే రెండో నివేదికతో పొంతన కుదరదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఎర్ర నేలలో 0 నుంచి 15 సెంటీమీటర్ల లోతు వరకు తీసిన మట్టిలో మొత్తం నత్రజని 0.05 శాతం ఉందని అనుకుందాం. వాడుకలో ఉన్న గుణకంతో లెక్కిస్తే హెక్టారుకు 1120 కిలోలు వస్తుంది. అదే పొలంలో కోర్ తీసి, గరుసు సంగతి పట్టించుకోకుండా లెక్కిస్తే సుమారు 1148 కిలోలు వస్తుంది. గరుసును వేరుచేసి లెక్కిస్తే సుమారు 941 కిలోలే తేలుతుంది. ప్రయోగశాలలో పరీక్ష ఒక్కటే, శాతమూ ఒక్కటే. తేడా అంతా 'ఆ శాతం ఎంత మట్టిలో' అన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబులోనే ఉంది.

1120కి, 941కి మధ్య తేడా 179 కిలోల నత్రజని. 46 శాతం నత్రజని ఉండే యూరియాలో చూస్తే అది సుమారు 389 కిలోలు, అంటే 45 కిలోల బస్తాలు ఎనిమిదిన్నరకు పైమాటే. అయితే ఇక్కడ చెబుతున్నది మొత్తం నత్రజని గురించి. అందులో అధిక భాగం సేంద్రియ పదార్థంలో బంధింపబడి ఉంటుంది, ఏ ఒక్క పంటకాలంలోనూ అదంతా మొక్కకు దక్కదు. కాబట్టి ఈ తేడాను ఎరువు మోతాదులో కోతగానో పెంపుగానో చదవకూడదు. లెక్కలో చిన్నగా కనిపించే పొరపాటు హెక్టారు స్థాయిలో ఎంతగా పెరుగుతుందో తెలియడానికే ఈ పోలిక.

## 2.24 ఎక్కడి నుంచి వచ్చింది

మన దేశంలోని మట్టి పరీక్ష ప్రయోగశాలలు పీపీఎంను, అంటే కిలో మట్టిలో ఉన్న మిల్లీగ్రాములను, 2.24తో గుణించి హెక్టారుకు కిలోలు చెబుతాయి. ఈ గుణకం మూలం పాత పౌండు, ఎకరా లెక్కల్లో ఉంది. నాగలి తిరగవేసే ఆరేడు అంగుళాల పొర ఒక ఎకరాలో 20 లక్షల పౌండ్లు తూగుతుందని ఒక ఉజ్జాయింపు అంచనా ఉండేది. పౌండును కిలోలకు, ఎకరాను హెక్టారుకు మారిస్తే అది సుమారు 22.4 లక్షల కిలోలు అవుతుంది. పది లక్షల కిలోల మట్టిలో ఒక పీపీఎం అంటే ఒక కిలో కనుక, 22.4 లక్షల కిలోల మట్టిలో 2.24 కిలోలు. 0.05 శాతం అంటే 500 పీపీఎం కనుకనే పై ఉదాహరణలో 1120 కిలోలు వచ్చింది.

ఈ అంకెలో సాంద్రత కనబడదు గాని దాగి ఉంది. ఒక హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు. దాని మీద 15 సెంటీమీటర్ల మందాన ఉన్న పొర 1500 ఘన మీటర్లు. అది 2240 టన్నులు తూగాలంటే ఘన మీటరుకు 1.49 టన్నులు, అంటే ఘన సెంటీమీటరుకు 1.49 గ్రాముల సాంద్రత ఉండాలి. పొరను 17 సెంటీమీటర్లుగా తీసుకుంటే అదే బరువుకు 1.32 సాంద్రత సరిపోతుంది. అంటే 2.24 వాడిన ప్రతిసారీ, చెప్పకుండానే, ఒక లోతునూ ఒక సాంద్రతనూ నేల మీద రుద్దుతున్నట్టే. గరుసు అనేదే లేదని కూడా ఒప్పుకుంటున్నట్టే.

ఆ ఊహను తీసివేసి, కొలిచిన విలువలు పెడితే సూత్రం ఇలా ఉంటుంది.

```
హెక్టారుకు కిలోలు = శాతం × సాంద్రత × లోతు × 1000
హెక్టారుకు కిలోలు = పీపీఎం × సాంద్రత × లోతు × 0.1
```

ఇక్కడ సాంద్రత ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో, లోతు సెంటీమీటర్లలో ఉండాలి. 1000 ఎలా వచ్చిందో ఒక్కసారి చూసుకుంటే తర్వాత తడబాటు ఉండదు. ఒక సెంటీమీటరు మందాన హెక్టారు మట్టి 100 ఘన మీటర్లు. సాంద్రత 1 అయితే అది 100 టన్నులు, అంటే లక్ష కిలోలు. లక్ష కిలోల్లో ఒక శాతం 1000 కిలోలు. ఎకరాకు కావాలంటే వచ్చిన జవాబును 2.47తో భాగించాలి.

## రింగులోకి దిగే మట్టి

స్థూల సాంద్రత అంటే, పొలంలో ఉన్నది ఉన్నట్టుగా తీసిన మట్టి పూర్తిగా ఆరాక తూగే బరువును, అది పొలంలో ఆక్రమించిన మొత్తం ఘనపరిమాణంతో భాగించగా వచ్చేది. ఆ ఘనపరిమాణంలో మట్టి రేణువులతోపాటు వాటి మధ్య ఖాళీలు కూడా కలిసి ఉంటాయి. అందుకే గడ్డపారతో తవ్వి సంచిలో పోసిన మట్టి ఈ కొలతకు పనికిరాదు. ఖాళీలు చెదరకుండా తీయడానికే కోర్ రింగు, అంటే ఒక అంచు పదునుగా ఉన్న ఉక్కు వలయం, అవసరమవుతుంది.

సాధారణంగా వాడే రింగు లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లు, ఎత్తు 5 సెంటీమీటర్లు. దాని ఘనపరిమాణం 98.2 ఘన సెంటీమీటర్లు. రింగు మీద ముద్రించిన అంకెను నమ్మకుండా వెర్నియర్ కాలిపర్‌తో లోపలి వ్యాసాన్ని రెండు మూడు దిక్కుల్లో కొలవడం మంచిది. వ్యాసం లెక్కలో వర్గమవుతుంది కనుక 50 మిల్లీమీటర్ల వ్యాసంలో ఒక్క మిల్లీమీటరు తప్పినా ఘనపరిమాణం 4 శాతం మారుతుంది. గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉన్న రింగుకు పొరపాటున బయటి వ్యాసం కొలిస్తే ఘనపరిమాణం 12 శాతం ఎక్కువవుతుంది, 1.53 రావలసిన సాంద్రత 1.36గా కనిపిస్తుంది. ఈ తప్పు ప్రతి కోర్‌లోనూ ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి ఎన్ని కోర్లు తీసినా సగటులో సర్దుకోదు.

రింగు దించే సమయం కూడా ముఖ్యమే. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండిన ఎర్ర నేల రాయిలా గట్టిపడుతుంది. సుత్తి దెబ్బకు రింగు లోపలి మట్టి పగిలి, పెళ్లలుగా విడిపోతుంది. వాన పడిన వెంటనే అయితే మట్టి జిగురుగా ఉండి, రింగు దిగేకొద్దీ లోపలి మట్టి కిందికి అణిగిపోతుంది. వాన వెలిసిన ఒకటి రెండు రోజులకు, రైతులు 'పదునుగా ఉంది' అనే స్థితిలో తీయడం ఉత్తమం. పైపొర గడ్డీగాదం తీసి, కావలసిన లోతు వరకు నేలను తాపీతో సమతలంగా చెక్కి, రింగును నిలబెట్టి, దాని మీద చెక్క దిమ్మె పెట్టి నెమ్మదిగా కొట్టాలి.

అణిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన గుర్తు ఉంది. రింగు పూర్తిగా దిగాక దిమ్మె తీసి, లోపలి మట్టి మట్టాన్ని చుట్టూ ఉన్న నేల మట్టంతో పోల్చి చూడాలి. లోపలి మట్టి రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి ఉంటే అది అణిగినట్టే, ఆ కోర్ పారేసి అర మీటరు పక్కన మరొకటి తీయాలి. తర్వాత రింగు చుట్టూ తవ్వి, కింద తాపీ చొప్పించి పైకి తీసి, రెండు అంచుల వెంట కత్తితో చెక్కాలి. ఇక్కడే గరుసు నేల మొరాయిస్తుంది. అంచున ఒక రాయి సగం లోపల, సగం బయట ఉంటే, దాన్ని పీకితే గుంట పడుతుంది, ఉంచితే ఎక్కువ తూగుతుంది. గుంట పడిన కోర్‌ను చేత్తో మట్టి నింపి సరిచేయడం కంటే కొత్త కోర్ తీయడమే మేలు.

15 సెంటీమీటర్ల పొరకు 5 సెంటీమీటర్ల రింగు సరిపోతుందా అన్నది తరచూ వచ్చే సందేహం. పొర అంతా ఒకే తీరుగా దున్ని ఉంటే 5 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య తీసిన కోర్ మొత్తానికి ప్రతినిధిగా నిలుస్తుంది. లోతు తక్కువ దుక్కి ఏళ్ల తరబడి సాగిన పొలాల్లో పది, పన్నెండు సెంటీమీటర్ల దగ్గర గట్టి పొర ఏర్పడి ఉండవచ్చు. అలాంటి చోట ఒకదాని కింద ఒకటిగా మూడు రింగులు దించి సగటు తీసుకోవడం తప్పనిసరి.

## తూకం చెప్పేది

రింగులోని మట్టినంతా ఒక డబ్బాలోకి తీసి, 105 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో 24 గంటలు ఉంచుతారు. తర్వాత మరికొన్ని గంటలు ఉంచి మళ్లీ తూచినప్పుడు బరువు మారకపోతే ఆరినట్టు లెక్క. వేడిగా ఉన్న డబ్బాను కాటా మీద పెడితే తూకం నిలకడగా ఉండదు కనుక డెసికేటర్‌లో, అంటే గాలి తేమ చేరని మూత పాత్రలో, చల్లార్చి తూచాలి.

మన ఉదాహరణ పొలంలో మొదటి కోర్ లెక్క ఇలా ఉందనుకుందాం. ఖాళీ డబ్బా 32.4 గ్రాములు. తడి మట్టితో 198.6 గ్రాములు. ఆరాక 183.6 గ్రాములు. అంటే ఆరిన మట్టి 151.2 గ్రాములు, పోయిన నీరు 15 గ్రాములు. 151.2ను 98.2తో భాగిస్తే సాంద్రత 1.54. ఆరబెట్టకుండా తడి బరువుతోనే భాగించి ఉంటే 1.69 వచ్చేది. పొలంలో పదునుగా ఉన్న మామూలు తేమే లెక్కను పది శాతం పెంచేసింది. గరుసు లేని ఎర్ర నేల సాంద్రత 1.7 దగ్గర కనిపిస్తే నేల గట్టిదని తీర్మానించే ముందు, ఆ బరువు ఆరినదా కాదా అని అడగాలి.

ఐదు చోట్ల తీసిన కోర్లలో 1.54, 1.49, 1.58, 1.51, 1.33 వచ్చాయనుకుందాం. చివరిది మిగతావాటికి దూరంగా ఉంది. దాన్ని తీసేయాలా వద్దా అన్నది అంకె చూసి తేల్చే విషయం కాదు, పొలంలో రాసుకున్న కాగితం చూసి తేల్చాలి. ఆ కోర్ దగ్గర 'అంచున రాయి ఊడి గుంట పడింది' అని అప్పుడే రాసి ఉంటే దాన్ని వదిలేయడం న్యాయం. ఏమీ రాయకపోతే అది చెదపురుగుల తొర్రో, కుళ్లిన వేరు వదిలిన ఖాళీయో కావచ్చు. అలాంటి ఖాళీలు కూడా పొలంలో భాగమే, కాబట్టి ఉంచాలి. మన ఉదాహరణలో గుంట సంగతి రాసి ఉందని తీసుకుంటే మిగిలిన నాలుగింటి సగటు 1.53. ఐదింటినీ కలిపితే 1.49 వస్తుంది. అది పాత గుణకంలో దాగిన సాంద్రతకు సరిగ్గా సరిపోతుంది కూడా. అలా సరిపోయింది కదా అని సంతృప్తి పడితే ఒక చెడ్డ కోర్ ఆమోదం పొందినట్టే అవుతుంది.

## గరుసు: మూడు సాంద్రతలు, ఒక్కటే సరైన జోడీ

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన భాగం ఇదే. ప్రయోగశాలలో నత్రజనిగానీ, సేంద్రియ కర్బనంగానీ, పొటాషియంగానీ పరీక్షించేది 2 మిల్లీమీటర్ల జల్లెడ గుండా దిగిన సన్న మట్టిలోనే. జల్లెడ మీద మిగిలిన రాళ్లు పక్కకు పోతాయి. చాలాసార్లు అంతకుముందే, రైతు నమూనా తీసేటప్పుడే, 'పరీక్షకు మట్టి కదా కావలసింది' అనుకుని గులకలను చేత్తో ఏరి పారేస్తాడు. అందువల్ల 0.05 శాతం అన్నది సన్న మట్టికి మాత్రమే చెందిన శాతం. పొలంలో ఎన్ని రాళ్లున్నాయన్న సమాచారం నమూనా సంచి ప్రయోగశాల గడప తొక్కకముందే పోయింది. దాన్ని తిరిగి చెప్పగలిగింది కోర్ ఒక్కటే, ఎందుకంటే రింగులోంచి రాయిని ఏరి పారేసే వీలు లేదు.

ఆరిన కోర్ మట్టిని చెక్క రోకలితో గడ్డలు మాత్రమే చిదిగేలా నలిపి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. గట్టిగా దంచితే మెత్తని గరుసు పొడై సన్న మట్టిలో కలిసిపోతుంది. జల్లెడ మీద మిగిలిన రాళ్లను చూస్తే అవి ఎర్రగా కనిపిస్తాయి. కడిగితే లోపలి నుంచి తెల్లని పలుగురాళ్లు బయటపడతాయి. ఆ ఎరుపంతా రాయికి అంటుకున్న బంకమట్టి. అది కూడా సన్న మట్టే కనుక గరుసును కడిగి, ఆరబెట్టి, తర్వాతే తూచాలి.

మన నాలుగు కోర్ల సగటులో ఆరిన మొత్తం మట్టి 150.2 గ్రాములు. కడిగి ఆరబెట్టిన గరుసు 27 గ్రాములు, అంటే బరువులో 18 శాతం. మిగిలిన సన్న మట్టి 123.2 గ్రాములు. పలుగురాయి సాంద్రత 2.65 కనుక 27 గ్రాముల గరుసు ఆక్రమించే చోటు 10.2 ఘన సెంటీమీటర్లు, అంటే రింగు ఘనపరిమాణంలో 10.4 శాతం. బరువులో 18 శాతం ఉన్నది చోటులో 10.4 శాతమే. రాయి మట్టి కంటే చిక్కగా ఉండటమే దీనికి కారణం. ఈ రెండు శాతాలను ఒకదానికి బదులు మరొకటి వాడటం వల్లే అధిక భాగం తప్పులు పుడతాయి.

ఇప్పుడు ఒకే కోర్ నుంచి మూడు సాంద్రతలు వస్తాయి. మొత్తం బరువును మొత్తం చోటుతో భాగిస్తే 1.53. సన్న మట్టి బరువును, గరుసు చోటు తీసేయగా మిగిలిన 88 ఘన సెంటీమీటర్లతో భాగిస్తే 1.40. సన్న మట్టి బరువును రింగు మొత్తం చోటుతో భాగిస్తే 1.255. మొదటిది పొలం మొత్తం ఎంత బరువుందో చెబుతుంది. రెండోది రాళ్ల మధ్య ఉన్న మట్టి వేరుకు ఎంత గట్టిగా తగులుతుందో చెబుతుంది. హెక్టారుకు పోషకం లెక్కించడానికి కావలసింది మూడోది, ఎందుకంటే హెక్టారు విస్తీర్ణంలో రాళ్ల చోటు కూడా కలిసి ఉంది, శాతం మాత్రం సన్న మట్టిది.

```
0.05 × 1.255 × 15 × 1000 = 941 కిలోలు
```

మూడో సాంద్రతను నేరుగా కొలిస్తే తిప్పలు ఉండవు. ఎవరో ఇచ్చిన అంకెల నుంచి రాబట్టవలసి వచ్చినప్పుడే జోడీ సరిగ్గా కుదరాలి. మొత్తం సాంద్రత 1.53 చేతిలో ఉంటే దాని నుంచి గరుసు బరువు శాతాన్ని తగ్గించాలి. 1.53ను 0.82తో గుణిస్తే 1.255 వస్తుంది. సన్న మట్టి సాంద్రత 1.40 చేతిలో ఉంటే గరుసు చోటు శాతాన్ని తగ్గించాలి. 1.40ను 0.896తో గుణించినా అదే వస్తుంది. జోడీ తారుమారైతే రెండు వైపులా తప్పుతుంది. 1.53 నుంచి చోటు శాతం తగ్గిస్తే 1.37 వచ్చి నత్రజని సుమారు 1028 కిలోలకు ఎగబాకుతుంది. 1.40 నుంచి బరువు శాతం తగ్గిస్తే 1.148 వచ్చి 861కి పడిపోతుంది. అసలు ఏ తగ్గింపూ లేకుండా 1.40నే వాడితే 1050 కిలోలు వస్తుంది. నివేదికలో 'గరుసు సవరణ చేశాం' అని ఒక్క వాక్యం ఉంటే చాలదు. ఏ సాంద్రతకు ఏ శాతాన్ని తగ్గించారో రాసి ఉంటేనే ఆ అంకెను నమ్మవచ్చు.

ఈ పద్ధతికి రెండు హద్దులున్నాయి. 2.65 అన్నది పలుగురాయికి సరిపోతుంది. బెంగళూరు చుట్టుపక్కల కొన్ని చోట్ల కనిపించే ఇనుము పాలు ఎక్కువైన మొరం గులకలకు అది సరిపోకపోవచ్చు. అలాంటప్పుడు గరుసును నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి, కొలజాడీలో వేసి నీటిమట్టం ఎంత పెరిగిందో చూస్తే చోటు నేరుగా తెలుస్తుంది. రెండోది, గోలీకాయ కంటే పెద్ద రాళ్లున్న నేలలో 5 సెంటీమీటర్ల రింగు పనికిరాదు. ఒక్క రాయి పడిందా లేదా అన్నదాన్ని బట్టి అంకె ఊగిపోతుంది, కొన్నిసార్లు రింగు దిగనే దిగదు. దిగిన చోట్లనే కోర్ తీసుకుంటూ పోతే రాళ్లు తక్కువున్న చోట్లనే ఎంచుకున్నట్టవుతుంది, ఆ మొగ్గు ఎవరికీ కనబడదు. అలాంటి పొలంలో ఒక చిన్న గుంట తవ్వి, తీసిన మట్టినంతా రాళ్లతో సహా ఆరబెట్టి తూచి, గుంటలో పల్చని ప్లాస్టిక్ కాగితం పరచి, అంచు వరకు పోసిన నీటిని కొలిచి ఘనపరిమాణం తీసుకోవడమే సరైన దారి.

## శ్రేణి పట్టికకు ఈ అంకె ఎందుకు పెట్టకూడదు

ఇంత శ్రమపడి సాధించిన సవరణను అన్ని చోట్లా వాడాలనిపించడం సహజం. కానీ ఒక చోట అది తప్పుదారి పట్టిస్తుంది. అదే పొలంలో లభ్య పొటాషియం, అంటే మొక్క తీసుకోగల రూపంలో ఉన్నది, 55 పీపీఎం ఉందనుకుందాం. 2.24తో గుణిస్తే హెక్టారుకు 123 కిలోలు. కోర్ లెక్కతో చూస్తే సుమారు 103.5 కిలోలు. చాలా చోట్ల వాడే పట్టికలో లభ్య పొటాషియం 108 కిలోల కంటే తక్కువైతే 'తక్కువ', 108 నుంచి 280 వరకు 'మధ్యస్థం'. మొదటి లెక్కలో పొలం మధ్యస్థం, రెండో లెక్కలో తక్కువ. దాన్ని బట్టి ఎరువు సిఫారసు కూడా మారిపోతుంది.

ఇక్కడ గమనించవలసింది ఆ పట్టిక అంకెల స్వభావం. లభ్య నత్రజనికి వాడే 280, 560 కిలోల హద్దులను 2.24తో భాగిస్తే సరిగ్గా 125, 250 పీపీఎం వస్తాయి. అలా గుండ్రని అంకెలు రావడమే ఆ హద్దుల్లో 2.24 కలిసిపోయి ఉందని సూచిస్తుంది. అంటే అవి పేరుకు హెక్టారుకు కిలోలు గాని, పనిచేసే తీరులో పీపీఎం హద్దులే. ప్రయోగశాల ద్రావణంతో సన్న మట్టి నుంచి రాబట్టిన గాఢతకూ, పొలంలో పంట స్పందనకూ ఉన్న సంబంధాన్ని అవి చెబుతాయి. అందువల్ల పట్టికతో పోల్చేటప్పుడు నివేదిక అంకె కూడా 2.24తోనే రావాలి. ఒక వైపు ఊహించిన సాంద్రత, మరో వైపు కొలిచిన సాంద్రత పెట్టి పోలిస్తే రెండు వేర్వేరు కొలమానాలను ఒకే గీత మీద పెట్టినట్టవుతుంది.

అయితే గరుసు పాళ్లను పట్టించుకోనక్కరలేదని దీని అర్థం కాదు. రాళ్లు చోటు ఆక్రమించిన మేరకు వేళ్లకు అందే మట్టి, తేమ, పోషకం నిజంగానే తగ్గుతాయి. శ్రేణిని 2.24 లెక్కతోనే ఇచ్చి, గరుసు శాతాన్ని పక్కన విడిగా రాయడం సరైన పద్ధతి. కోర్ ఆధారంగా వచ్చిన కిలోలు నిల్వల లెక్కకు, అంటే నేలలో మొత్తం నత్రజని ఎంత, కర్బనం ఎంత, పదేళ్లలో అవి పెరిగాయా తగ్గాయా అనే ప్రశ్నలకు వాడాలి. కర్బనం నిల్వలను బట్టి రైతుకు సొమ్ము దక్కే పథకాల్లో ఈ తేడా నేరుగా డబ్బుగా మారుతుంది. 0.48 శాతం సేంద్రియ కర్బనం ఉంటే 2.24 లెక్కలో హెక్టారుకు 10,752 కిలోలు, గరుసు తీసేసిన లెక్కలో 9036 కిలోలు.

నివేదికలు చదివేటప్పుడు మరో చిక్కు కూడా ఉంది. కొన్నింటిలో భాస్వరం, పొటాష్ మూలక రూపంలో, మరికొన్నింటిలో ఆక్సైడు రూపంలో ఉంటాయి. పొటాషియంను ఆక్సైడులోకి మార్చడానికి 1.2తో, భాస్వరానికి 2.29తో గుణించాలి. సాంద్రత ఎంత జాగ్రత్తగా కొలిచినా ఇక్కడ పొరపడితే ఆ శ్రమంతా వృథా అవుతుంది.

## దున్నిన తర్వాత 'పోయిన' నత్రజని

నిల్వలను కాలక్రమంలో పోల్చేటప్పుడు ఇంకో చిత్రమైన ఫలితం కనిపిస్తుంది. మన పొలంలోనే వేసవి దుక్కి తర్వాత మళ్లీ కోర్లు తీశారనుకుందాం. దుక్కితో నేల గుల్లబారి, పైన చెప్పిన మూడో సాంద్రత 1.255 నుంచి 1.10కి తగ్గింది. శాతం అదే 0.05. 15 సెంటీమీటర్లకు లెక్కిస్తే 825 కిలోలు వస్తుంది. కొన్ని వారాల్లోనే 116 కిలోల నత్రజని మాయమైనట్టు కనిపిస్తుంది.

ఏదీ మాయం కాలేదు. గుల్లబారిన నేల పైకి ఉబ్బింది, అంతకుముందు 15 సెంటీమీటర్లలో ఇమిడిన మట్టి ఇప్పుడు అంతకంటే ఎక్కువ మందాన పరచుకుంది. పాత కొలతలో హెక్టారుకు సన్న మట్టి 1882 టన్నులు. 1.10 సాంద్రత దగ్గర అదే 1882 టన్నులు రావాలంటే 17.1 సెంటీమీటర్ల లోతు కావాలి. 15 దగ్గరే ఆగితే రెండు సెంటీమీటర్ల పైచిలుకు మట్టిని, దానిలోని నత్రజనితో సహా, లెక్కలోంచి వదిలేసినట్టే. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. ట్రాక్టరు చక్రాల కింద నేల అణిగితే సాంద్రత పెరిగి, ఏమీ వేయకుండానే నిల్వ పెరిగినట్టు కనిపిస్తుంది.

అందుకే రెండు కాలాల మధ్యగానీ, దున్నిన, దున్నని పొలాల మధ్యగానీ పోల్చేటప్పుడు సమాన లోతుకు బదులు సమాన మట్టి బరువును ఆధారంగా తీసుకోవాలి. ఆచరణలో ఇది కష్టమేమీ కాదు. రెండోసారి నమూనా 15 దగ్గర ఆపకుండా 20 సెంటీమీటర్ల వరకు రెండు పొరలుగా తీసి, పై పొరలో తక్కువపడిన టన్నులను కింది పొర నుంచి, ఆ పొర శాతంతోనే, కలుపుకుంటే సరిపోతుంది. పై ఉదాహరణలో పై పొర 1650 టన్నులు, తక్కువపడినవి 232 టన్నులు. కింది పొరలో కూడా నత్రజని 0.05 శాతమే ఉంటే ఆ 232 టన్నుల్లో 116 కిలోలు ఉంటాయి, మొత్తం మళ్లీ 941 అవుతుంది. కింది పొరలో 0.04 శాతమే ఉంటే 93 కిలోలు వచ్చి మొత్తం 918 అవుతుంది. అప్పుడు మిగిలిన 23 కిలోల తేడా నిజమైన నష్టమా, లేక మొదటి నమూనాకు, రెండోదానికి మధ్య మామూలుగా వచ్చే ఊగిసలాటా అన్నది ఇంకా తేలవలసి ఉంటుంది. ఆ మూడో సాంద్రతలో 0.03 తేడా వచ్చినా అంతే కిలోలు కదులుతాయి. నాలుగు కోర్ల సగటులో ఆ మాత్రం తేడా సాధారణం.